ఒక కిడ్నీ, నలుగురు రోగులు: ఎవరికి ఇవ్వాలో తేల్చే నాలుగు కొలతలు

బ్రెయిన్ డెడ్ అయిన ఒక వ్యక్తి కుటుంబం అవయవదానానికి ఒప్పుకుంది. 'ఓ' రక్తగ్రూపు కిడ్నీ ఒకటి అందుబాటులోకి వచ్చింది. అదే గ్రూపువాళ్లు నలుగురు ఎదురుచూస్తున్నారు. ఈ నలుగురినీ లెక్క కోసం కల్పించాం, కింద వాడిన పాయింట్లు మాత్రం నిజమైనవి.

మొదటివాడు 46 ఏళ్ల ఆటో డ్రైవరు. 62 నెలలుగా డయాలసిస్ మీద ఉన్నాడు, డయాలసిస్ సూది గుచ్చడానికి చేతి రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులా బాగానే పనిచేస్తోంది. రెండో ఆమెకు 34 ఏళ్లు. కాన్పులు, రక్తమార్పిడులు, చాలా ఏళ్లు పనిచేసి ఆగిపోయిన పాత మార్పిడి కిడ్నీ, వీటన్నిటి వల్ల ఆమె రక్తంలో పరాయి కణజాలం మీద యాంటీబాడీలు పేరుకున్నాయి. పదిమంది దాతల్లో తొమ్మిదిమంది కిడ్నీ ఆమెకు సరిపడదు. ఆమె డయాలసిస్ 40 నెలలది. మూడో ఆమెకు 52 ఏళ్లు. పదిహేనేళ్ల కిందట తమ్ముడికి ఒక కిడ్నీ ఇచ్చింది, ఇప్పుడు మిగిలిన కిడ్నీ దెబ్బతిని 14 నెలలుగా డయాలసిస్ చేయించుకుంటోంది. నాలుగోది పదేళ్ల పాప. డయాలసిస్ మొదలై తొమ్మిది నెలలే అయినా ఫిస్టులా పెట్టగల చోట్లన్నీ విఫలమై, తాత్కాలిక గొట్టంతో నెట్టుకొస్తోంది.

ఇలాంటి చోట ఏం చేయాలో చెప్పడానికి నాలుగు కొలతలు ముందుకొస్తాయి. అందరూ సమానం కాబట్టి వరుసలో ముందున్నవారికి ఇవ్వాలనేది సమానత్వం. ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారికి ఇవ్వాలనేది అవసరం. దానికి తగినవారికి ఇవ్వాలనేది యోగ్యత. ఇంతకుముందు ఇచ్చినవారికి, లేదా ఇకముందు నలుగురికి పనికొచ్చేవారికి ఇవ్వాలనేది తోడ్పాటు. రాష్ట్ర కమిటీలో కూర్చునేవారైనా, ఆసుపత్రి నైతిక విలువల కమిటీ సభ్యులైనా, రోగి తరఫున నిబంధనలు చదివే బంధువైనా ముందు గమనించాల్సింది ఒకటుంది. ఆచరణలో ఏ దేశమూ వీటిలో ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోలేదు. ఒకటికి మించి కొలతలను పాయింట్లుగా మార్చి కలుపుతారు. అందుకని ఏ కొలత మంచిదన్న చర్చ దగ్గరే ఆగిపోతే అసలు నిర్ణయం మన కళ్లబడదు. ఆ నిర్ణయం పాయింట్ల మారకపు రేటులో ఉంటుంది.

మన పట్టిక ఏమంటోంది

జాతీయ అవయవ మార్పిడి సంస్థ నొట్టో కిడ్నీల కోసం ఒక పాయింట్ల పట్టిక ప్రచురించింది. ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోని విషయం కాబట్టి రాష్ట్రాలు తమ తమ మార్పులు చేసుకుంటాయి. తెలుగు రాష్ట్రాల్లో ఈ పని జీవన్‌దాన్ పేరుతో నడుస్తోంది. జాతీయ పట్టిక సారం ఇది: డయాలసిస్‌లో గడిపిన ప్రతి నెలకు 1 పాయింటు. వయసు ఆరేళ్లలోపైతే 3, ఆరు నుంచి పన్నెండులోపైతే 2, పన్నెండు నుంచి పద్దెనిమిదిలోపైతే 1. ఫిస్టులా చోట్లన్నీ విఫలమై తాత్కాలిక గొట్టం మీద ఉంటే 2, ఆ తర్వాత పెట్టిన గ్రాఫ్ట్ అనే కృత్రిమ నాళం కూడా పోతే 4. యాంటీబాడీల వల్ల ఎంత శాతం దాతల కిడ్నీ సరిపడదో చెప్పే కొలతను పీఆర్ఏ అంటారు. అది 20 శాతం దాటాక ప్రతి పది శాతానికి అర పాయింటు. మార్పిడి చేసిన కిడ్నీని మూడు నెలల్లోపే శరీరం తిరస్కరించి ఉంటే 3. గతంలో కిడ్నీ దానం చేసినవారికి 5, మరణానంతర దాత దగ్గరి బంధువుకు 5.

మన నలుగురి లెక్క ఇలా వస్తుంది.

| రోగి | డయాలసిస్ నెలలు | అదనపు పాయింట్లు | మొత్తం |
|---|---|---|---|
| ఆటో డ్రైవరు | 62 | 0 | 62 |
| యాంటీబాడీలున్న ఆమె (పీఆర్ఏ 90) | 40 | 3.5 | 43.5 |
| తమ్ముడికి కిడ్నీ ఇచ్చిన ఆమె | 14 | 5 | 19 |
| పదేళ్ల పాప | 9 | 2 + 2 | 13 |

అదనపు పాయింట్లన్నీ కొట్టేసి ఒక్క నెలల గడినే చూడండి. 62, 40, 14, 9. వరుస అదే. పిల్లల మీద దయ, దాతల మీద కృతజ్ఞత, రక్తనాళాలు దొరకని వారి ఆపద, ఇవన్నీ పట్టికలో ఉన్నాయి. ఈ నలుగురి విషయంలో మాత్రం ఒక్క స్థానాన్నీ అవి కదిలించలేదు. కారణం ఒక్కటే. ఇక్కడ నెలకు ఒక పాయింటు వస్తుంది కాబట్టి, ఒక మనిషి తన కిడ్నీ ఇచ్చినందుకు దక్కే 5 పాయింట్ల విలువ ఐదు నెలల ఎదురుచూపు. ఆరేళ్లలోపు పసివాడి వయసు విలువ మూడు నెలలు.

అమెరికాలో కిడ్నీ ఎదురుచూపుకు ఏడాదికి ఒక పాయింటు. అంతకుముందు కిడ్నీ ఇచ్చినవారికి 4 పాయింట్లు. మన 5 కంటే 4 చిన్నదిగా కనిపిస్తుంది గానీ అక్కడ దాని విలువ నాలుగేళ్లు. దానికి తోడు పాత దాతలకు వరుసలో వేరే ముందు తరగతి కూడా ఉంది.

ఇప్పుడు మన పట్టికలో మిగతాదేదీ ముట్టుకోకుండా నెలకు ఒకటి బదులు ఏడాదికి ఒక పాయింటు పెట్టి చూద్దాం. డ్రైవరుకు 5.17. యాంటీబాడీలున్న ఆమెకు 3.33, 3.5 కలిపి 6.83. దాతకు 1.17, 5 కలిపి 6.17. పాపకు 0.75, 4 కలిపి 4.75. ఒకటో స్థానంలో ఉన్న డ్రైవరు మూడో స్థానానికి వెళ్లాడు. సూత్రాలు అవే, రోగులు వాళ్లే, మారింది ఒక్క రేటు.

అందుకే ఏ పట్టికనైనా పోల్చేటప్పుడు ప్రతి అదనపు పాయింటునూ ఎదురుచూపు కాలంలోకి మార్చి చదవండి. ఆ మార్చిన వాక్యాన్ని గట్టిగా చదివినప్పుడు కమిటీ ఒప్పుకోగలగాలి. 'తమ్ముడికి కిడ్నీ ఇచ్చినందుకు ఐదు నెలలు ముందుకు జరుపుతాం' అన్నది సరేననిపిస్తే ఆ పాయింటు ఉండనివ్వండి. లేకపోతే సంఖ్య మార్చాలి. నా అభిప్రాయంలో ఐదు నెలలు చాలా తక్కువ. ఒక్క కిడ్నీతో బతకడానికి సిద్ధపడిన మనిషికి ఆ రెండోదీ పోతే ఏం చేస్తామో వ్యవస్థ ముందే మాట ఇచ్చి ఉండాలి. ఆ మాట ఐదు నెలలదైతే దాన్ని మాట అనలేం.

సమానత్వం: గడియారం ఎక్కడ మొదలవుతుంది

ఎదురుచూపును లెక్కించడం అన్నిటికంటే నిష్పాక్షికంగా కనిపిస్తుంది. నెలలు నెలలే, ఎవరికైనా ఒకటే. కానీ ఆ నెలలను డయాలసిస్ మొదలైన రోజు నుంచి లెక్కపెడుతున్నారా, జాబితాలో పేరు నమోదైన రోజు నుంచా? మన డ్రైవరు 62 నెలల కిందట డయాలసిస్ మొదలుపెట్టాడు. మార్పిడి అనే దారి ఒకటుందని ఎవరూ చెప్పక 20 నెలల కిందటే నమోదయ్యాడనుకోండి. యాంటీబాడీలున్న ఆమె 36 నెలల కింద, దాత 13 నెలల కింద, పాప మొదటి నెలలోనే నమోదయ్యారనుకుందాం. అప్పుడు 39.5, 20, 18, 13. ఇందాక పద్దెనిమిదిన్నర పాయింట్ల ఆధిక్యంతో ముందున్న మనిషి రెండో స్థానానికి దిగిపోయాడు, అదీ మూడో మనిషి కంటే రెండే పాయింట్లు ఎక్కువతో.

అమెరికా ఈ తప్పును 2014 డిసెంబరులో సరిదిద్దింది. ఆలస్యంగా నమోదైనా సరే, డయాలసిస్ మొదలైన తేదీ నుంచే లెక్క అని మార్చింది. అంతకుముందు ఆలస్యంగా నమోదవుతున్నవారిలో పేదలు, నల్లజాతివారు ఎక్కువగా ఉండేవారు. 2023లో ఇంకో దిద్దుబాటు చేసింది. కిడ్నీ పనితీరు లెక్కగట్టే సూత్రంలో నల్లజాతి రోగులకు ఒక గుణకం కలిపేవారు. దాంతో వారి కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు తేలి జాబితాలో చేరడం ఆలస్యమయ్యేది. ఆ పోయిన కాలాన్ని తిరిగి వారి ఖాతాలో వేయాలని ఆసుపత్రులను ఆదేశించారు. మీ రాష్ట్ర నిబంధనల్లో గడియారం ఏ తేదీన మొదలవుతుందో అడగడం రోగి బంధువు చేయదగిన మొదటి పని. డయాలసిస్ మొదటి సెషన్ తేదీ ఉన్న కాగితం జాగ్రత్తగా దాచుకోవడం రెండో పని.

గడియారాన్ని సరిగ్గా పెట్టినా ఇంకో లోపం మిగిలే ఉంటుంది. ఎదురుచూపు పాయింట్లు బతికున్నవారికే పెరుగుతాయి. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు డయాలసిస్ దొరికే మనిషి ఐదేళ్లు నిలబడతాడు. బస్సు ఛార్జీలకు, మందులకు డబ్బు లేక వారానికి రెండుసార్లతో సరిపెట్టుకునేవాడు 62 పాయింట్ల దాకా రాకముందే పోవచ్చు. అతని పేరు వరుసలో వెనక్కి జరగదు, వరుసలోంచి మాయమవుతుంది. కాబట్టి జాబితాలో ఎంతమందికి కిడ్నీ అందిందో చూసేటప్పుడు, అందకముందే ఎంతమంది చనిపోయారో, వాళ్లు ఏ జిల్లాల వాళ్లో కూడా పక్కనే రాసి చూడాలి.

కాలాన్ని వదిలి నిజంగా సమానంగా పంచాలంటే మిగిలేది లాటరీ. 2020లో కొవిడ్ మందు రెమ్‌డెసివిర్ కొరతగా ఉన్నప్పుడు అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో లాటరీ వాడారు. అందరి చీటీలకూ ఒకే బరువు ఇవ్వలేదు. వెనకబడిన ప్రాంతాలవారికి, అత్యవసర సేవల ఉద్యోగులకు కొంచెం ఎక్కువ అవకాశం ఇచ్చారు. కిడ్నీల్లో మొత్తం లాటరీ మీద నడపమని నేను చెప్పను. స్కోరు సమానమైనప్పుడు డాక్టరు ఎంచుకోవడం కంటే లాటరీ ఎంతో మేలు.

అవసరం: లివర్‌కు కుదిరింది, కిడ్నీకి ఎందుకు కుదరదు

అవసరాన్ని ముందు పెట్టాలంటే దాన్ని కొలిచే సాధనం కావాలి. లివర్‌కు అది ఉంది. 2002 ఫిబ్రవరిలో అమెరికా మొదలుపెట్టిన మెల్డ్ స్కోరు అప్పట్లో బిలిరుబిన్, ఐఎన్ఆర్, క్రియాటినిన్ అనే మూడు రక్తపరీక్షల నుంచి 6 నుంచి 40 మధ్య ఒక అంకె తీసేది. రాబోయే మూడు నెలల్లో చనిపోయే ప్రమాదం ఎంతో ఆ అంకె చెబుతుంది. అంతకుముందు ఎదురుచూపు కాలానికి బరువు ఉండేది. దాంతో జబ్బు ముదరకముందే పేరు రాయించుకుని గడియారం తిప్పుకోవడం లాభసాటి అయింది. మెల్డ్ వచ్చాక ఆ ఎత్తు పనికిరాకుండా పోయింది.

అయితే మెల్డ్‌లోనూ ఒక పక్షపాతం దాగి ఉంది. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. ఆడవారిలో కండరం తక్కువ కాబట్టి కిడ్నీ అదే స్థాయిలో దెబ్బతిన్నా వారి క్రియాటినిన్ తక్కువగా కనిపిస్తుంది, స్కోరూ తగ్గుతుంది. 2023లో వచ్చిన కొత్త సూత్రం ఆడవారికి 1.33 పాయింట్లు కలుపుతోంది. దీన్ని కానుక అనుకోకూడదు, కొలబద్దలోని తప్పుకు చేసిన సవరణ అది. కొలిచే పరీక్షే ఒక వర్గానికి తక్కువ చూపిస్తుందేమో తనిఖీ చేయకుండా 'అవసరం ప్రకారమే ఇస్తున్నాం' అని చెప్పుకోకూడదు.

లివర్ చెడితే దాని పని చేసిపెట్టే యంత్రం లేదు, కాబట్టి ఎవరు త్వరగా పోతారన్నదే ప్రశ్న. కిడ్నీ చెడినవారిని డయాలసిస్ నిలబెడుతుంది. అందువల్ల ఈ వారం ఎవరు ఎక్కువ ఆపదలో ఉన్నారన్నది కిడ్నీ రోగుల్లో తేల్చడం కష్టం. ఒక్క చోట మాత్రం తేలుతుంది. డయాలసిస్ సూది గుచ్చడానికి ఇక నాళం దొరకనప్పుడు. మన పాప అటే వెళ్తోంది. గొట్టం ద్వారా ఇన్‌ఫెక్షన్ ఎక్కితే రోజుల్లో పరిస్థితి తారుమారవుతుంది. అలాంటి వారికి పట్టిక ఇచ్చే రెండు, నాలుగు పాయింట్లు నెలల్లోకి మారిస్తే రెండు, నాలుగు నెలలు. నేనైతే ఈ రోగులను పాయింట్ల కూడికలోంచి తీసి వేరే అత్యవసర వరుసలో పెట్టమంటాను. అందులోకి చేర్చే ముందు ఇంకో ఆసుపత్రికి చెందిన ఇద్దరు నిపుణుల సంతకం ఉండాలి. అది లేకపోతే ప్రతి ఆసుపత్రీ తన రోగిని అత్యవసరమనే రాస్తుంది.

యాంటీబాడీలున్న ఆమె అవసరం ఇంకో రకం. ఆమెకు ప్రమాదం ఎక్కువని కాదు, అవకాశం తక్కువ. తన వంతు పదిసార్లు వచ్చినా, దాత కణాలతో ఆమె రక్తాన్ని కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష పదిసార్లూ కుదరకపోయే సంభావ్యత 0.9 ని పదిసార్లు గుణిస్తే వచ్చేది, దాదాపు 35 శాతం. పీఆర్ఏ 99 శాతమైతే అదే లెక్క 90 శాతానికి చేరుతుంది. అంటే 90 నుంచి 99కి వెళ్లేసరికి సరిపడే దాత దొరకడం పదిరెట్లు కష్టమైంది. మన పట్టికలో ప్రతి పది శాతానికీ ఒకే అర పాయింటు కాబట్టి ఆ పదిరెట్ల కష్టానికి దక్కేది అర పాయింటు కూడా కాదు. అమెరికా పట్టికలో ఇరవైల్లో ఉన్నవారికి 0.08 పాయింటే. 99 శాతానికి 50, నూటికి నూరైతే 202. ఆ అంకెలు చూడటానికి వింతగా ఉంటాయి గానీ కష్టం పెరిగే తీరును అవే సరిగ్గా అనుసరిస్తాయి. ఈమెను పైన పెట్టడం వల్ల మిగతావారికి నష్టం కూడా తక్కువే. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ కిడ్నీ ఆమెకు సరిపడక తర్వాతి మనిషికే వెళ్తుంది.

యోగ్యత: ముందు తలుపు మూస్తే వెనక తలుపు నుంచి

1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతినాళంలో శాశ్వతంగా ఉంచే షంట్ అనే గొట్టం తయారుచేయడంతో దీర్ఘకాల డయాలసిస్ సాధ్యమైంది. యంత్రాలు కొన్నే, రోగులు చాలామంది. వైద్యులు మొదట వడపోశాక మిగిలినవారిలో ఎవరు బతకాలో ఏడుగురి కమిటీ తేల్చేది. అందులో ఒక లాయరు, ఒక మతగురువు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వ అధికారి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జన్ ఉండేవారు. ఉద్యోగం, ఆస్తి, పెళ్లి, పిల్లలు, చర్చికి వెళ్లడం వరకూ చూశారు. 1962లో ఈ సంగతి పత్రికకెక్కాక దేశమంతా చర్చ జరిగింది. 1972లో అమెరికా ప్రభుత్వమే డయాలసిస్ ఖర్చు భరించేలా చట్టం మారింది. ఆ కమిటీ సభ్యులు దుర్మార్గులేమీ కాదు. 'మంచి మనిషి' అంటే తమలాంటి మనిషే అని వాళ్లకు తెలియకుండానే అనిపించింది. యోగ్యతను నేరుగా కొలవబోతే ఎప్పుడూ ఇదే జరుగుతుంది. అందుకే ఇప్పుడు ఏ పట్టికలోనూ ఆ గడి కనిపించదు.

అయితే అది వైద్యం వేషంలో తిరిగొస్తుంది. మద్యం వల్ల లివర్ చెడినవారు ఆరు నెలలు మానేసి చూపిస్తేనే జాబితాలో చేర్చడం చాలాచోట్ల రివాజు. లివర్ తనంతట తాను కోలుకుంటుందేమో చూడటం ఆ గడువుకు చెప్పే ఒక కారణం, అది న్యాయమైనదే. తీవ్రమైన మద్యపు హెపటైటిస్ ఉన్నవాడికి మాత్రం ఆరు నెలల సమయమే ఉండదు. 2011లో ఫ్రాన్స్, బెల్జియం వైద్యులు మందులకు లొంగని అలాంటి 26 మందిని జాగ్రత్తగా ఎంచుకుని గడువు లేకుండా మార్పిడి చేశారు. ఆరు నెలల తర్వాత 77 శాతం బతికున్నారు. చేయించుకోని అలాంటి రోగుల్లో 23 శాతమే బతికారు. ఈ అంకెలు ఎదురుగా ఉన్నా గడువును అందరికీ ఒకే తీరున పట్టుకుంటే అది చికిత్స నిర్ణయం కాదు, శిక్ష.

వైద్య కారణానికీ యోగ్యత తీర్పుకూ తేడా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అదే ఫలితాన్నిచ్చే ఇంకో కారణం ఉన్న రోగికి కూడా ఇదే నియమం వర్తిస్తోందా? మందులు సరిగా వేసుకోడేమోనన్న భయంతో కూలివాడిని ఆపి, అంతే నిర్లక్ష్యంగా ఉండే వ్యాపారిని ఆపకపోతే అక్కడ కొలిచింది మందుల క్రమాన్ని కాదు.

కిడ్నీ ఎంతకాలం పనిచేస్తుందన్న లెక్క వేరు. దాన్ని యోగ్యత అనకూడదు, ప్రయోజనం అనాలి. అమెరికా 2014 నుంచి మంచి నాణ్యత గల ఐదో వంతు కిడ్నీలను ఎక్కువ కాలం బతికే అవకాశమున్న ఐదో వంతు రోగులకు ముందుగా ఇస్తోంది. మిగతా కిడ్నీలకు ఆ నియమం లేదు. ప్రయోజనాన్ని అలా ఒక గట్టు లోపల ఉంచడం మంచి పద్ధతి. అన్నిటికీ వర్తింపజేస్తే 46 ఏళ్ల డ్రైవరుకు, 52 ఏళ్ల దాతకు వంతు ఎప్పటికీ రాకపోవచ్చు.

తోడ్పాటు: ఎవరి ఖాతాలో వేయాలి

సింగపూర్ 1987 చట్టం ప్రకారం మరణానంతర దానం వద్దని రాసిచ్చినవారికి తమకు అవయవం కావలసి వచ్చినప్పుడు ప్రాధాన్యం తగ్గుతుంది. ఇజ్రాయెల్ 2008లో చట్టం చేసి, దాతగా నమోదై మూడేళ్లు దాటినవారికి, దానం చేసిన కుటుంబాలకు ముందు వరుస ఇచ్చింది. సంతకం పెట్టడానికి ఖర్చేమీ లేదు, చనిపోయాక కుటుంబం కాదనే వీలూ ఉంటుంది. అందుకే మూడేళ్ల గడువు. జబ్బు బయటపడ్డాక సంతకం పెట్టి ముందుకు రావడాన్ని అది ఆపుతుంది.

మన పద్ధతి సంతకానికి పాయింట్లు ఇవ్వదు, నిజంగా జరిగిన దానానికే ఇస్తుంది. నాకు ఇదే నచ్చుతుంది. దాతల కార్డు గురించి వినని ఊళ్లవారిని సంతకం ఆధారంగా వెనక్కి నెట్టడం అన్యాయం. మరణానంతర దాత 'దగ్గరి బంధువు' అంటే ఎవరో చట్టంలో స్పష్టంగా ఉంది: భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, 2011 సవరణతో తాత, నాయనమ్మ, అమ్మమ్మ, అలాగే మనవలు. దానానికి ఒప్పుకున్న కుటుంబం దగ్గర దానం జరిగినట్టు పత్రం లేకపోతే ఏళ్ల తర్వాత ఆ 5 పాయింట్లు రుజువు చేయడం కష్టం. దానం రోజునే ప్రతి కుటుంబానికీ ధ్రువపత్రం ఇచ్చి, దాని సంఖ్యను రిజిస్ట్రీలో ఎక్కించాలి.

మన దేశంలో తోడ్పాటు లెక్క ఎంత వంకరగా ఉందో ఒక అంకె చెబుతుంది. 1995 నుంచి 2021 వరకు జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో 29,695 మగవారికి, 6,945 ఆడవారికి జరిగాయి. బతికుండగా ఇచ్చేవారిలో ఆడవారే ఎక్కువ. భార్య ఇస్తుంది, తల్లి ఇస్తుంది, అక్క ఇస్తుంది. తనకు అవసరమైనప్పుడు జాబితా దాకా రాదు. 2025 ఆగస్టులో నొట్టో జాబితాలోని ఆడవారికి, మరణానంతర దాతల బంధువులకు ప్రాధాన్యం ఇవ్వాలని రాష్ట్రాలకు సూచించింది. ఇది సరైన దిశే. కానీ వరుసలో పాయింట్లు వరుసలో ఉన్నవారికే పనికొస్తాయి. గుమ్మం దగ్గరే ఆగిపోయిన ఆడవారికి ఏ పాయింటూ అందదు. డయాలసిస్ చేయించుకుంటున్న ఆడవారెందరు, వారిలో నమోదైనవారెందరు అన్న నిష్పత్తిని ప్రతి డయాలసిస్ కేంద్రం నుంచీ తెప్పించుకోకపోతే ఆ సూచన కాగితం మీదే ఉండిపోతుంది.

గుమ్మం దగ్గరి అడ్డంకులు కొన్ని 2023లో తొలగాయి. 65 ఏళ్లు దాటితే నమోదు లేదన్న నియమం, సొంత రాష్ట్రంవారికే అన్న నియమం, కొన్ని రాష్ట్రాలు 5,000 నుంచి 10,000 రూపాయల దాకా వసూలు చేసిన నమోదు రుసుము, మూడింటినీ తీసేయమని కేంద్రం చెప్పింది. విదేశాల్లో స్థిరపడిన తెలుగువారికి ఒక మాట. మరణానంతర అవయవాల వరుసలో భారత పౌరులు ముందు, భారత సంతతి వారు ఆ తర్వాత, మిగతా విదేశీయులు చివర. ఓసీఐ కార్డు ఉంటే పౌరులతో సమానమని నమ్ముకుని వచ్చేవారు ముందే ఇది తెలుసుకోవాలి.

టీకాలకు ఇవే కొలతలు ఎందుకు వేరుగా పనిచేస్తాయి

కిడ్నీ ఒకరికే పనికొస్తుంది. టీకా వేసుకున్న నర్సు మరో వందమందికి సేవ చేయగలదు. అందుకే 2021 జనవరి 16న మన దేశంలో మొదటి కొవిడ్ టీకాలు ఆరోగ్య సిబ్బందికి వేశారు. మార్చి 1 నుంచి 60 దాటినవారికి, 45 నుంచి 59 మధ్య ఉండి జాబితాలోని 20 జబ్బుల్లో ఏదైనా ఉన్నవారికి వేశారు. మొదటిది తోడ్పాటు, రెండోది అవసరం. ఇక్కడ తోడ్పాటు అంటే బహుమతి కాదు, ఇకముందు జరగాల్సిన పని. రిటైరైన డాక్టరును, వార్డులో ఊడ్చే మనిషిని పక్కపక్కన పెట్టి చూడండి. బహుమతి అనుకుంటే డాక్టరు ముందొస్తాడు, పని అనుకుంటే ఊడ్చే మనిషి ముందొస్తుంది. మీ పట్టిక ఎవరిని ముందు పెడుతోందో చూస్తే అది ఏ సూత్రం మీద నడుస్తోందో బయటపడుతుంది.

2020 డిసెంబరులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ ఆసుపత్రి పాయింట్ల సూత్రం ఇక్కడే తప్పింది. వయసుకు పాయింట్లు ఇచ్చి, పనిచేసే విభాగం ప్రకారం ప్రమాదాన్ని లెక్కగట్టారు. విభాగాలు మారుతూ పనిచేసే జూనియర్ డాక్టర్లకు స్థిరమైన విభాగం లేక ఆ పాయింట్లు రాలేదు. మొదటి 5,000 డోసుల్లో దాదాపు 1,300 మంది జూనియర్లలో చోటు దక్కింది ఏడుగురికి. సూత్రం ఎవరి మీదా పగ పట్టలేదు, ఖాళీ గడిని సున్నాగా చదివింది. పాయింట్ల పట్టిక ఏదైనా విడుదలకు ముందు తప్పకుండా ముందుండాలనుకునే పది రకాల మనుషులను అందులో వేసి చూస్తే ఇలాంటివి గంటలో దొరుకుతాయి.

2021 మే 1న 18 ఏళ్లు దాటినవారికి తలుపు తెరిచినప్పుడు కోవిన్‌లో ముందు నొక్కినవారికి ముందు అన్నారు. అది సమానత్వంలా కనిపించింది. నిజానికి స్లాటు వేలి వేగానికి, ఇంటర్నెట్ వేగానికి దొరికింది. పట్నం వాళ్లు కారెక్కి పల్లె ఆరోగ్య కేంద్రాలకు వెళ్లి టీకా వేసుకున్నారు, ఆ ఊరివాళ్లు చూస్తూ నిలబడ్డారు. మొదట వచ్చినవారికి మొదట అన్న నియమం కొరత రోజుల్లో అసలు వాడకూడదు. గుంపును వయసుల వారీగా చీల్చి, ఒక్కో గుంపులో లాటరీ తీసి తేదీ ఇవ్వడం దానికంటే సులువు.

తిరిగి ఆ నలుగురి దగ్గరికి

నన్నడిగితే ఎదురుచూపును డయాలసిస్ మొదలైన తేదీ నుంచి, ఏడాదికి ఒక పాయింటుగా లెక్కిస్తాను. పీఆర్ఏ పాయింట్లను 95 శాతం దాటాక నిటారుగా పెంచుతాను. నాళాలు దొరకని రోగిని వేరే వరుసలో పెడతాను. అలా చేస్తే మన పాప అత్యవసర పరిశీలనకు వెళ్తుంది, ఇద్దరు నిపుణులు ఒప్పుకుంటే కిడ్నీ ఆమెదే. ఒప్పుకోకపోతే యాంటీబాడీలున్న ఆమెకు క్రాస్‌మ్యాచ్ చేస్తారు. కుదిరే అవకాశం పదోవంతే కాబట్టి ఎక్కువసార్లు తర్వాతి మనిషైన దాతకే పిలుపు వెళ్తుంది. డ్రైవరు ఈసారి మూడో స్థానంలో ఉంటాడు. అతనికి ఇది చెప్పే మనిషి ఆ పట్టికను ముందు పెట్టి, ఏ పాయింటు ఎందుకు వచ్చిందో చూపించగలగాలి.

చివరిగా చూడాల్సిన పుస్తకం ఒకటుంది. వరుసలో మొదటి మనిషిని దాటి రెండో మనిషికి కిడ్నీ వెళ్లిన ప్రతిసారీ కారణం రాయాలి: జ్వరం, క్రాస్‌మ్యాచ్ కుదరలేదు, ఫోను ఎత్తలేదు, డబ్బు సిద్ధంగా లేదు. మనిషి శరీరం బయట కిడ్నీ ఒక రోజుకు మించి ఎక్కువసేపు ఆగదు, కాబట్టి దాటెయ్యడాలు తప్పవు. ఆ కారణాలను ఏడాదికోసారి కూడండి. 'ఫోను ఎత్తలేదు', 'డబ్బు లేదు' అన్న రెండు కారణాలే జాబితాలో పైకొస్తుంటే, ఆ రాష్ట్రంలో కిడ్నీలను పంచుతున్నది పైన చెప్పిన నాలుగు కొలతల్లో ఏదీ కాదు.